గరుసు రోడ్డు లెక్క కోసం పంచాయతీకి ఆర్టీఐ పెట్టాను: ఎం-బుక్ చేతికొచ్చేదాకా నా అనుభవం

మాది కర్నూలు జిల్లాలో పత్తికొండ వైపు పల్లె. ఊరి చివర నీళ్ల ట్యాంకు దగ్గర మొదలై, వంక దాటి చేలల్లోకి పోయే మట్టి దారి ఒకటుంది. టమోటా కోతలు మొదలైతే పత్తికొండ మార్కెట్టుకు బాక్సులు మోసే ఆటోలు, ట్రాక్టర్లు అన్నీ ఆ దారినే రావాలి. నేల నల్లరేగడి. ఒక్క పదును వాన పడితే వంక అవతల బండి దిగబడుతుంది. 2025 ఫిబ్రవరిలో పంచాయతీ వాళ్లు ఆ దారికి ఎర్ర గరుసు తోలించారు. వంక దాకా తోలి ఆపేశారు. మిగతాది మళ్లీ తోలుతారులే అనుకున్నాం. జూన్ వానలొచ్చాయి, వంక అవతల బురద అట్లే ఉంది.

మా తమ్ముడి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. వాడు ఒకరోజు egramswaraj.gov.in తెరిచి మా జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుని, 2024-25లో జరిగిన చెల్లింపులు చూపించాడు. మార్చి 27 తేదీతో ఒక వోచర్ ఉంది. 15వ ఆర్థిక సంఘం నిధుల నుంచి గ్రావెల్ రోడ్డు మరమ్మతుకు 1,79,000 పైచిలుకు. డబ్బు ఎప్పుడు, ఏ ఖాతా నుంచి పోయిందో తెలుసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు, ఫోన్‌లోనే దొరుకుతుంది. అయితే ఎన్ని మీటర్ల రోడ్డుకు, ఎంత మందం గరుసుకు ఆ డబ్బు ఇచ్చారన్నది అందులో లేదు. నాకు కావాల్సింది అదే.

పంచాయతీల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పత్తికొండలో ఉంటారు. ఆయన దగ్గరికి పోయి కూర్చున్నాను. నేను చెప్పిందంతా విని, "రోడ్డు ఎందుకు సగంలో ఆపినారు, ఎవరు బాధ్యులు అని రాస్తే నీకు జవాబు రాదప్పా. 'ఎందుకు' అనేది సమాచారం కాదంటారు, అర్జీ అక్కడికే మూసేస్తారు. ఆఫీసులో ఉన్న కాగితం పేరు చెప్పి దాని నకలు అడుగు. అన్నిటికన్నా ముందు ఎం-బుక్ అడుగు" అన్నారు.

ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్. పని అయ్యాక ఇంజినీరు వచ్చి కొలిచి పొడవు, వెడల్పు, మందం రాసే పుస్తకం. పేజీలకు ముందే నంబర్లు అచ్చయి ఉంటాయి కాబట్టి మధ్యలో ఒకటి చింపినా తెలిసిపోతుంది. అందులో రాసిన కొలతల మీదే బిల్లు తయారవుతుంది. తీర్మానం, అంచనా, వర్క్ ఆర్డరు ఇవన్నీ చేయబోయే పని గురించి చెబుతాయి. చేసిన పని ఇంత అని ఒక అధికారి సంతకం పెట్టి చెప్పే కాగితం ఎం-బుక్ ఒక్కటే. ఊళ్లో రోడ్డు లెక్క అడగాలనుకునేవాళ్లకు నేను చెప్పేది కూడా ఇదే, మిగతావి దొరక్కపోయినా ఇది వదలొద్దు.

ఆ రాత్రి తెల్లకాగితం మీద అర్జీ రాశాను. ప్రత్యేకమైన ఫారమంటూ అక్కర్లేదు. పైన "పౌర సమాచార అధికారి, పంచాయతీ కార్యదర్శి గారికి" అని, విషయంలో "సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు" అని పెట్టి, వోచర్ తేదీ, మొత్తం చూపించి, ఈ పనికి సంబంధించిన పంచాయతీ తీర్మానం, అంచనా పత్రం, వర్క్ ఆర్డరు, బిల్లు, వోచరు, ఎం-బుక్‌లో ఈ పని కొలతలు ఉన్న పేజీలు, పైఅధికారి చెక్ మెజర్‌మెంట్, అంటే ఆ కొలతలను మళ్లీ సరిచూడడం, చేసి సంతకం పెట్టిన పేజీ, ఆ పుస్తకం నంబరు కనిపించే అట్ట పేజీ, వీటి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వమని అడిగాను. చివర ఇంకో వాక్యం చేర్చాను: "సెక్షన్ 2(జె) ప్రకారం ఈ పనిని స్థలం మీద తనిఖీ చేయడానికి తేదీ, సమయం ఇవ్వగలరు." రికార్డులే కాదు, జరిగిన పనిని కూడా పోయి చూడొచ్చని, వాడిన సామగ్రి నమూనా అడగొచ్చని చట్టంలోనే ఉంది. పెద్దాయన చెప్పేదాకా నాకు ఆ సంగతి తెలియదు.

జూలై 7, సోమవారం గ్రామ సచివాలయానికి పోయాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకు పెట్టే ఆర్టీఐ అర్జీకి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకళ్లకు మామూలు సైజు పేజీకి 2 రూపాయలు. కాబట్టి ఆ రోజు నా ఖర్చల్లా అర్జీకి ఇంకో కాపీ తీయించిన జిరాక్సు డబ్బులే.

సెక్రటరీ చిన్నవయసు అమ్మాయి, పక్క ఊరి ఇన్‌ఛార్జి కూడా ఆమెకే ఇచ్చినారు. అర్జీ రెండుసార్లు చదువుకుని, "ఎందుకు కావాలన్నా ఇవన్నీ? కారణం రాయండి, తీసుకుంటాను" అంది. కారణం చెప్పాల్సిన పని లేదని సెక్షన్ 6(2)లో ఉందని, తిరిగి నన్ను సంప్రదించే చిరునామా ఉంటే చాలని చెప్పాను. ఆమె ఫోన్ పట్టుకుని వరండాలోకి పోయింది. నేను గోడకు వేసిన పథకాల పోస్టర్లన్నీ చదివేశాను. లోపలికొచ్చాక ఏమీ మాట్లాడకుండా నా రెండో కాపీ మీద ముద్ర వేసి, తేదీ వేసి సంతకం చేసింది. ఆ ముద్ర కాపీ లేకపోతే తర్వాత జరిగినదేదీ జరిగేది కాదు. ఎవరైనా ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే గొడవ పడొద్దు, రసీదు తిరిగొచ్చేలా పోస్టులో పంపేయండి. దానికీ అదే విలువ.

తర్వాత నెల చాలా బరువుగా గడిచింది. ముప్పై రోజులు గడువు. మొదటి వారంలోనే ఊరంతా తెలిసిపోయింది. టీ అంగడి దగ్గర నేను పోతే మాటలు ఆగేవి. సర్పంచి నాకు వరసకు చిన్నాయన అవుతాడు. ఒక సాయంత్రం ఇంటికే వచ్చి మంచం మీద కూర్చుని, మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి, "ఏమప్పా, నన్ను అడిగింటే నేను చెప్పనా? కాగితాలు పెట్టేదాకా పోయినావు. రేపు ఆడిట్ వాళ్లు వస్తే ఊరి పరువు పోదా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. "చిన్నాయనా, నీ మీద కాదు. వంక అవతల గరుసు పడలేదు, దుడ్డు మాత్రం పోయింది. ఆ కాగితం చూపిస్తే నాకు చాలు" అన్నాను. "చూపిస్తాలే" అని లేచిపోయాడు, చూపించలేదు.

మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. రేపు పింఛను ఆపేస్తారేమో, చేనికి దారి లేకుండా చేస్తారేమో అని ఆమె భయం. అట్లాంటిదేమీ జరగలేదు. కానీ జరగదని ఆ రోజు నేను ఆమెకు ధైర్యంగా చెప్పలేకపోయాను. ఒకే ఊళ్లో, ఒకే బోరింగు దగ్గర ముఖాముఖి చూసుకుంటూ బతికేవాళ్లకు ఈ నెల రోజులు ఎట్లుంటాయో పట్నంలో అర్జీ పెట్టేవాళ్లకు తెలియదు.

ఆగస్టు 6కు గడువు అయిపోయింది. జవాబు లేదు, ఇవ్వబోమని చెప్పే ఉత్తరం కూడా లేదు. గడువు దాటితే ఇవ్వనన్నట్టే లెక్క, అక్కడి నుంచి ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవాలి. మా సచివాలయం బోర్డు మీద అప్పీలు అధికారిగా మండల ఆఫీసులోని ఈవోపీఆర్డీ పేరుంది. ఆగస్టు 18న సెక్షన్ 19(1) కింద ఒక పేజీ అప్పీలు రాసి, ముద్ర వేసిన అర్జీ కాపీ జతచేసి అక్కడే ఇచ్చాను. దీనికీ రుసుము లేదు. అందులో రెండే మాటలు అడిగాను: నేను అడిగిన కాగితాలు ఇప్పించండి, గడువు దాటింది కాబట్టి సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా ఇప్పించండి. తిట్లు, ఆరోపణలు ఏమీ రాయలేదు.

విచారణ సెప్టెంబరు 9న పెట్టారు. విచారణంటే కోర్టులాగా ఉంటుందనుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాను. ఆయన టేబుల్ ముందు రెండు కుర్చీలు, ఒకదాంట్లో సెక్రటరీ, ఒకదాంట్లో నేను. సెక్రటరీ మొహం వాడిపోయి ఉంది. "సార్, తీర్మానం, వోచరు నా దగ్గర ఉన్నాయి. ఎం-బుక్ మా దగ్గర ఉండదు. పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ ఏఈ సార్ దగ్గర ఉంటుంది. అది లేకుండా సగం ఇస్తే తప్పవుతుందని ఆగిపోయినాను" అంది.

ఆమె చెప్పింది నిజమే. పంచాయతీ డబ్బుతో చేసే పని అయినా కొలిచేది ఇంజినీరింగ్ వాళ్లు, పుస్తకం వాళ్ల బీరువాలోనే ఉంటుంది. కానీ అడిగిన సమాచారం ఇంకో ఆఫీసులో ఉంటే, ఆ భాగాన్ని అయిదు రోజుల్లోపు ఆ ఆఫీసుకు బదిలీ చేసి నాకు తెలపాలని సెక్షన్ 6(3) చెబుతుంది. అప్పీలు అధికారి కూడా అదే అన్నారు. "నీ దగ్గరున్నవి ఇచ్చేసి, మిగతాది పంపించి ఉంటే ఈ పొద్దు నువ్వు ఇక్కడ కూర్చునే పని లేదు కదమ్మా" అని ఆమెతో నెమ్మదిగా చెప్పి, పది రోజుల్లో పంచాయతీ దగ్గరున్నవి ఉచితంగా ఇవ్వాలని, ఎం-బుక్ సంగతి ఏఈకి రాయాలని, పని తనిఖీకి తేదీ ఇవ్వాలని ఉత్తర్వు రాశారు. మొత్తం అరగంట కూడా పట్టలేదు.

సెప్టెంబరు 18న కాగితాల కట్ట చేతికొచ్చింది. అక్కడున్న అబ్బాయి పేజీకి రెండు రూపాయలు లెక్కేయబోతే, సెక్రటరీనే "వద్దు, అన్నకు ఫ్రీగా ఇవ్వాలని ఆర్డరుంది" అని ఆపింది. ఇంటికి తెచ్చి మా తమ్ముడి కొడుకు, నేను చాప మీద పరుచుకుని చదివాం. తీర్మానంలో పని పేరు స్పష్టంగా ఉంది: నీళ్ల ట్యాంకు నుంచి వంక అవతల చేల వరకు. అంచనాలో పొడవు 500 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, కుదించాక మందం 0.15 మీటరు. గుణిస్తే 225 క్యూబిక్ మీటర్ల గరుసు. బిల్లు మొత్తం 1,93,000 దాకా ఉంది. వోచర్లో కనిపించిన 1,79,000తో ఇది కలవలేదేమిటా అని కాసేపు కంగారు పడ్డాం. బిల్లు కింద చూస్తే ఐటీ, లేబర్ సెస్, గరుసుకు కట్టే సీనరేజీ వంటివి కోసేసి మిగిలింది గుత్తేదారుకు వేశారు. ఆ తేడాలో తప్పేమీ లేదు. మీకూ ఇట్లా రెండు అంకెలు కనిపిస్తే, ముందు కోతలు కలిపి చూసుకోండి.

ఎం-బుక్ నకలు కోసం ఇంకా ఆగాల్సి వచ్చింది. ఏఈ ఫీల్డుకు పోయారని, ఆపైన దసరా సెలవులని చెప్పి, చివరికి అక్టోబరు 6న ఇచ్చారు. ఒకే పుస్తకంలో మూడు నాలుగు ఊళ్ల పనులుంటాయి కాబట్టి మాకు సంబంధించిన పేజీలే జిరాక్సు తీసిచ్చారు. చేతిరాత, నీలం ఇంకు. పని పేరు కింద కొలిచిన తేదీ, ఆ కింద ఒకే వరుస: 1 × 500.00 × 3.00 × 0.15 = 225.00. అంచనాలో ఎంతుందో కొలతల్లోనూ అంతే, ఒక్క సెంటీమీటరు కూడా తేడా లేదు. నేల మీద కొలిస్తే అట్లా రాదు. మెలికలు తిరిగే దారి ఒకచోట మూడు మీటర్లుంటే ఇంకోచోట రెండున్నరే ఉంటుంది. మామూలుగా ముప్పయ్యో, యాభయ్యో మీటర్లకొకసారి వెడల్పూ మందమూ తీసి సగటు కడతారని పెద్దాయన చెప్పారు. అంచనా కొలతలే గుండుగుత్తగా ఎం-బుక్‌లోకి ఎక్కాయంటే, టేపు నేలను తాకిందో లేదో అనుమానించాల్సిందే. చెక్ మెజర్‌మెంట్ సంతకం కూడా కొలిచిన తేదీనాడే ఉంది.

తనిఖీకి అక్టోబరు 14 ఇచ్చారు. ఏఈ రాలేదు, సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్ టేపు తీసుకుని వచ్చాడు. సెక్రటరీ వచ్చింది. ఊళ్లోవాళ్లు పదిమంది దాకా గట్టు మీద నిలబడ్డారు. సర్పంచి చిన్నాయన దూరంగా వేపచెట్టు కింద ఉన్నాడు. ట్యాంకు దగ్గర టేపు పెట్టి కొలుచుకుంటూ పోయాం. వంక అంచుకు 340 మీటర్లు. అక్కడిదాకా గరుసుంది. గడ్డపారతో మూడు చోట్ల గుంత తీస్తే మందం ఒకచోట 11 సెంటీమీటర్లు, మిగతా రెండు చోట్ల 9, 10 దాకా వచ్చింది. "ఒక వానాకాలం పోయింది కదన్నా, బండ్లు తిరిగి కొంత దిగిపోతుంది, కొట్టుకుపోతుంది" అన్నాడు ఇంజినీరింగ్ అసిస్టెంట్. ఆ మాట కాదనలేను. ఫిబ్రవరిలో ఎంత మందం వేశారో అక్టోబరులో గుంత తీసి తేల్చలేం. అందుకే మందం గురించి నేను పట్టుబట్టలేదు.

వంక అవతల సంగతి వేరు. అక్కడ కూడా మూడు గుంతలు తీయించాను. మూరెడు లోతు పోయినా నల్లమట్టే. ఎర్ర గరుసు రేగడిలో కూరుకుపోయినా ఎర్రచారలో, చిన్నరాళ్లో తగలాలి. ఒక్క రాయి కూడా లేదు. గట్టు మీదున్న ట్రాక్టరు పిల్లోడు, ఆ ఫిబ్రవరిలో గరుసు తోలినవాడు, తనంతట తానే చెప్పాడు: "వంకలో నీళ్లుండె, బండి దాటలే. మిగిలిండే లోడ్లు శ్మశానం దారికి ఎత్తినాం." చిన్నాయన దగ్గరికొచ్చి, "అదే కదా నేను చెప్పేది, ఊరి పనికే వాడినాం, ఇంటికి తోలుకోలేదు" అన్నాడు.

నేను శ్మశానం దారికి పోయి చూశాను. కొంత గరుసు ఉన్నమాట నిజం. కాబట్టి డబ్బంతా తినేశారని నేను అనడం లేదు. కానీ ఆ దారి ఈ అంచనాలో లేదు, అక్కడ ఎన్ని లోడ్లు పడ్డాయో ఎవరూ కొలవలేదు. మరోపక్క వంక అవతల లేని 160 మీటర్లను ఉన్నట్టు రాసి సంతకాలు పెట్టారు. ఆ 160 మీటర్లకు 72 క్యూబిక్ మీటర్లు, బిల్లులో మూడో వంతుకు కొంచెం తక్కువ, అరవై వేల పైమాటే. టమోటాలు కిందపడి చితికిపోయింది ఆ 160 మీటర్లలోనే.

ఆ రోజు నేను పట్టుదలగా చేయించుకున్న పని ఒకటుంది. "ట్యాంకు నుంచి 340 మీటర్ల వరకు గ్రావెల్ కనిపించినది, ఆపైన కనిపించలేదు" అని తనిఖీ నోటు రాయించి ఇంజినీరింగ్ అసిస్టెంట్, సెక్రటరీ, నేను సంతకాలు చేశాం. అతను మొదట వెనకాడాడు. "నువ్వు తప్పు జరిగిందని రాయొద్దు, టేపు చూపించిందే రాయి తమ్ముడూ" అంటే రాశాడు.

ఆర్టీఐతో కాగితం దొరుకుతుంది, రోడ్డు పడదు. రోడ్డు కోసం వేరే అర్జీ పెట్టాలి. రెండో అప్పీలుకు సమాచార కమిషన్ దగ్గరికి పోయి జాప్యానికి రోజుకు 250 చొప్పున జరిమానా వేయమని అడగొచ్చని ఒకరిద్దరు చెప్పారు. అది పడితే సెక్రటరీ జీతంలో పడుతుంది. కొలతలు రాసింది ఆమె కాదు. కాగితాలు వచ్చేశాయి కాబట్టి అటు పోలేదు. అక్టోబరు 27, సోమవారం కర్నూలు కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్ అర్జీల రోజు, తీర్మానం, ఎం-బుక్ పేజీ, తనిఖీ నోటు, మూడూ ఒకదాని వెనక ఒకటి పెట్టి ఒక పేజీ ఫిర్యాదు ఇచ్చాను. బస్సు చార్జీలు, భోజనం, ఒక రోజు కూలి పోయింది. మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఖర్చు ఆ రోజే.

నవంబరు చివర్లో విచారణకు పైఅధికారి వచ్చి మళ్లీ కొలిచారు. ఈసారి ఏఈ కూడా ఉన్నారు. డిసెంబరులో గుత్తేదారు వంక దాటించి గరుసు తోలడం మొదలుపెట్టాడు. నేను, ఇంకో ఇద్దరు రైతులు రోజూ పోయి నిలబడ్డాం, లోడు లోడుకు ఫోటో తీశాం. ట్యాంకరుతో నీళ్లు కొట్టి రోలరు తిప్పమని అడిగాం, తిప్పారు. "మిగిలిపోయిన పనిని గుత్తేదారు సొంత ఖర్చుతో పూర్తి చేయించడమైనది" అని నా ఫిర్యాదుకు జవాబొచ్చింది. చిన్నాయన ఇప్పుడు పలకరిస్తాడు, మునుపటంత కాదు.

ఇంకో విషయం తేలాల్సి ఉంది. సొంత ఖర్చుతో చేయించామన్న ఆ 160 మీటర్లకు రేపు ఇంకో పద్దు కింద, ఇంకో పేరుతో బిల్లు పెట్టరని ఏముంది? అందుకని 2026 జనవరి 5న సెక్రటరీకి కొత్త అర్జీ ఇచ్చాను: 2025 డిసెంబరు నుంచి ఈ దారి పేరుమీద అయిన తీర్మానాలు, అంచనాలు, వోచర్ల నకళ్లు, ఎం-బుక్‌లో ఈ పని కొత్తగా ఎక్కి ఉంటే ఆ పేజీలు, అందులో ఎం-బుక్ భాగాన్ని సెక్షన్ 6(3) కింద ఏఈకి బదిలీ చేయాలని కూడా ఈసారి నేనే రాశాను. ఆమె కారణం అడగలేదు. ముద్ర వేసి కాపీ ఇచ్చింది. ఫిబ్రవరి 4 దాకా గడువుంది.